పాఠ్యపుస్తకం మొత్తానికి అవే పాత్రలతో వీడియో సిరీస్: రెండో చాప్టర్ దగ్గరే ఆగిపోయాం

శారద టీచర్

అందరికీ నమస్కారం. హైస్కూల్ ఫిజిక్స్ పుస్తకాన్ని చాప్టర్ల వారీగా వీడియోలుగా చేయాలని కూర్చున్నాం. స్క్రిప్టు నాది, బొమ్మలు మా తమ్ముడివి. అన్ని చాప్టర్లలోనూ ముగ్గురే ఉంటారు: గిరి, పావని, రిపేరు షెడ్డు నడిపే వాళ్ల పెద్దమ్మ. గిరి తప్పుగా ఊహిస్తాడు, పావని సరిదిద్దుతుంది, పెద్దమ్మ వివరిస్తుంది. పాత ప్రొజెక్టర్ ఒకటి షెడ్డుకి వస్తుంది. దాన్ని బాగు చేయడం సిరీస్ అంతా నడిచే కథ. అందులో కటకం ఉంది, బల్బు ఉంది, మోటారు ఉంది కాబట్టి కాంతి, విద్యుత్తు, అయస్కాంత ప్రభావం మూడూ కలుస్తాయని ఆశ.

కాంతి చాప్టర్ స్క్రిప్టు అయింది. విద్యుత్తు మొదలుపెట్టగానే చిక్కు వచ్చింది. గిరి ఇప్పటికి కొంత నేర్చుకున్నాడు కదా, ఇంకా అంత తెలియనివాడిలా మాట్లాడితే ఎబ్బెట్టుగా ఉంది. తెలివిగా మాట్లాడితే పాఠం నడవడం లేదు. ఇంకోటి, కాంతి చూడకుండా నేరుగా విద్యుత్తుకి వచ్చే పిల్లలకి కథ అర్థమవుతుందా? ఇలాంటివి చేసినవాళ్లు ప్లాన్ ఎలా వేసుకున్నారో చెప్పండి.

రవికిరణ్

రెండు విషయాలండీ. ఒకటి, ఏ వీడియో కూడా ఆరు నిమిషాలు దాటకూడదు. దాటితే పిల్లలు చూడరని రీసెర్చ్‌లో తేలింది. రెండు, ప్రతి ఎపిసోడ్ చివర సస్పెన్స్‌లో ఆపండి. గిరి ఏదో తప్పు చెప్తాడు, "నిజమేనా? తరువాతి భాగంలో" అని ముగించండి. అప్పుడే పిల్లలు మళ్లీ వస్తారు. సీరియళ్లు నడిచేది అలాగే కదా.

భాస్కరరావు

అన్ని చాప్టర్లకీ ఒకే టీచర్ ఉండటం మంచిదే, పిల్లలకి గొంతు అలవాటవుతుంది. మైకు మంచిది కొనండి, బోర్డు మీద వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకోండి. నేను క్లాసులో చెప్పేదే రికార్డు చేసి పెడుతుంటాను.

శారద టీచర్

భాస్కరరావు గారూ, మాది క్లాసు రికార్డింగ్ కాదండీ, యానిమేషన్ పాత్రలతో కథలా నడిచేది. మైకు మాట మాత్రం గుర్తుంచుకుంటాను.

అనంత్ (స్క్రిప్టు పని)

శారద గారూ, మీ చిక్కు కథలో లేదు. గిరి ఏ విషయంలో, ఎందుకు పొరపడతాడో మీరింకా తేల్చుకోలేదు. "గిరి తప్పులు మాట్లాడతాడు" అంటే అతనికొక గుణం అంటగట్టినట్టు. ఆ గుణంతో పది చాప్టర్లు నడవవు, మూడో చాప్టర్‌కల్లా వాడు మొద్దబ్బాయి అయిపోతాడు. తనలాగే ఆలోచించేవాణ్ని మొద్దు అంటున్నారని చూసే పిల్లవాడికి అనిపిస్తే, వాడు ఆ పాత్రకి దూరం జరుగుతాడు.

గిరికి తప్పు కాకుండా ఒక పద్ధతి ఇవ్వండి. వాడు కంటికి కనిపించిన దాన్నుంచి ఆలోచిస్తాడు. కటకం సగం మూస్తే తెర మీద ప్రతిబింబం కూడా సగమే పడుతుందంటాడు. అద్దానికి దూరం జరిగితే తన ఒళ్లు ఇంకాస్త ఎక్కువ కనిపిస్తుందంటాడు. బల్బు వెలిగిందంటే కరెంటు అందులో ఖర్చయిపోయిందంటాడు. ఈ మూడూ నిజంగా క్లాసులో వినిపించే మాటలే, మూడూ ఒకే బుర్రలోంచి వచ్చినట్టున్నాయి. కాంతిలో ఎంత నేర్చుకున్నా విద్యుత్తు దగ్గర వాడి పద్ధతి మారదు. కాబట్టి ఎబ్బెట్టు ఉండదు.

పావనికి వేరే పద్ధతి ఇవ్వండి. ఆమె సూత్రాన్ని నమ్ముతుంది, అది ఎక్కడ వర్తిస్తుందో చూడకుండా వాడేస్తుంది. అంటే కొన్ని చాప్టర్లలో పొరపడేది ఆమే. ఇది లేకపోతే ఏడాది పొడుగునా ఒకరు ఒప్పు, ఒకరు తప్పు. ఇద్దరిలో ఎవరు నోరు విప్పగానే జవాబు సరైనదో చూసేవాళ్లకి ముందే తెలిసిపోతుంది, ఇక ఆలోచించాల్సిన పనే ఉండదు.

తరవాత ఒక పట్టిక వేసుకోండి. అడ్డంగా చాప్టర్లు, నిలువుగా పాత్రలు. ప్రతి గడిలో రెండే వాక్యాలు: ఈ చాప్టర్ మొదట్లో ఈ పాత్ర ఏమి నమ్ముతోంది, చివరికి ఏది వదిలేసింది. గిరి వరసలో విద్యుత్తు గడిలో "బల్బు కరెంటుని తినేయదు" అని రాశారనుకోండి. అయస్కాంత ప్రభావం చాప్టర్‌లో వాడి నోట మళ్లీ ఆ మాట రాకూడదు. వస్తే మీ తమ్ముడు బొమ్మలు వేయకముందే పట్టికలో దొరికిపోతుంది. మోటారు బొమ్మలు గీశాక పట్టుబడితే సీను మొత్తం మళ్లీ వేయాలి.

అనంత్ (స్క్రిప్టు పని)

రవికిరణ్ గారికి జవాబు విడిగా రాస్తున్నాను. ఆ ఆరు నిమిషాల లెక్క 2014లో ఎడెక్స్ కోర్సుల వీడియోల మీద చేసిన అధ్యయనంలోది. వీడియో ఎంత పొడవుంటే జనం ఎంతసేపు చూశారన్నది అందులో కొలిచారు. ఎంత నేర్చుకున్నారన్నది కాదు. పైగా వాళ్లు ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్లు, రేపు పరీక్ష ఉన్న స్కూలు పిల్లలు కాదు. చిన్నవిగా ఉంచమన్న సలహా వరకు మంచిదే, నేనూ ఒక్కో అపోహకి ఒక్కో వీడియో అనే అంటాను. అపోహ తేలడానికి ఎనిమిది నిమిషాలు కావాలంటే మాత్రం ఆరు దగ్గర కత్తిరించొద్దు.

సస్పెన్స్ విషయంలో గట్టిగా కాదంటాను. ప్రశ్న మీద ఆపొచ్చు, తప్పు జవాబు మీద ఆపకూడదు. తప్పు మాటని పాత్ర సరదాగా, గుర్తుండిపోయేలా చెప్తుంది. సరిచేయడం తరవాతి భాగంలో ఉంటే, ఆ భాగం చూడనివాడికి మిగిలేది తప్పే. తప్పు ఏ వీడియోలో పుట్టిందో అందులోనే తేలిపోవాలి. ఇంకో ప్రమాదం ఉంది. ఎవరో గిరి మాట్లాడిన నలభై సెకన్లు మాత్రం కత్తిరించి పంచుతారు. అందుకే గిరి ఊహ చెప్తున్నంతసేపూ తెర మూలన "గిరి ఊహ" అన్న చీటీ ఉంచండి. ముక్క కత్తిరించినా చీటీ వెంటే వెళ్తుంది.

రవికిరణ్

ప్రశ్న మీద ఆపడం, తప్పు మీద ఆపకపోవడం, ఈ తేడా నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. కానీ అసలు తప్పుని తెర మీదకి తేవడమే ఎందుకు? సూటిగా, శుభ్రంగా ఒప్పు చెప్తే సరిపోదా? సగం గందరగోళం తగ్గుతుంది.

అనంత్ (స్క్రిప్టు పని)

డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది దీని మీదే, 2008లో పూర్తి చేశారు. న్యూటన్ నియమాల మీద ఒకే పాఠాన్ని రకరకాలుగా వీడియో తీసి విద్యార్థులకి చూపించారు. సూటిగా వివరించిన వీడియో చూసినవాళ్లు చాలా స్పష్టంగా ఉందన్నారు, మళ్లీ పరీక్ష పెడితే మార్కులు పెద్దగా పెరగలేదు. అపోహని పైకి తెచ్చి, సంభాషణలో తేల్చిన వీడియో చూసినవాళ్లు కష్టంగా ఉందన్నారు కానీ ఎక్కువ నేర్చుకున్నారు. స్పష్టంగా ఉన్నదాన్ని చూస్తూ పిల్లవాడు "నాకు తెలిసిందే చెప్తున్నారు" అనుకుంటాడు, తన తప్పు ఊహని అలాగే అట్టిపెట్టుకుంటాడు. మనకి రెండో పాత్ర కావాల్సింది అందుకే. లేకపోతే పెద్దమ్మ ఒక్కతే చాలు.

శారద టీచర్

అనంత్ గారూ, పట్టిక ఈ రాత్రే మొదలుపెడతాను. విద్యుత్తు చాప్టర్‌లో ఒక్క ఎపిసోడ్ ఎలా విడగొడతారో చూపించగలరా? మా స్క్రిప్టులో ఓమ్ నియమం, నిరోధాల శ్రేణి, సమాంతరం, లెక్కలు అన్నీ ఒకే వీడియోలో పడ్డాయి.

అనంత్ (స్క్రిప్టు పని)

పుస్తకంలోని ఉపశీర్షికల ప్రకారం విడగొట్టకండి, గిరి ఊహల ప్రకారం విడగొట్టండి. శ్రేణి సంధానానికి ఒక ఊహ, సమాంతరానికి ఇంకో ఊహ ఉన్నాయి.

మొదటిది. 6 వోల్టుల బ్యాటరీ, 6 ఓమ్‌ల బల్బు. కరెంటు 1 ఆంపియర్. ఇప్పుడు అలాంటిదే ఇంకో బల్బు శ్రేణిలో కలుపుతారు. స్విచ్ వేయకముందే గిరి చేత చెప్పించండి: మొదటి బల్బు బాగా వెలుగుతుంది, మిగిలిందే రెండోదానికి వెళ్తుంది కాబట్టి అది మసగ్గా ఉంటుందని. ఇక్కడ నాలుగైదు సెకన్లు ఆగండి. ఏ సంగీతం వద్దు, చూసేవాళ్లు తమ ఊహ తాము ఎంచుకోవాలి. తరవాత స్విచ్. రెండూ సమానంగా వెలుగుతాయి, రెండూ మునుపటికంటే మసగ్గా. గిరి ఊరుకోడు, "రెండోదానికి తగ్గే ఉంటుంది, కంటికి తెలియడం లేదంతే" అంటాడు. నిజంగా పిల్లలు అనేదీ అదే. అప్పుడు పావని మూడు అమ్మీటర్లు పెడుతుంది: మొదటి బల్బుకి ముందు, రెండింటి మధ్య, రెండోదాని తరవాత. మూడింటిలోనూ 0.5. జవాబు మీటర్ చెప్పింది, పెద్దమ్మ చెప్పలేదు. పెద్దమ్మ ఇక్కడ ఒక్క ప్రశ్నే అడగాలి: "కరెంటు ఖర్చు కాలేదు సరే, మరి బ్యాటరీ ఎందుకు అయిపోతుంది?" శక్తి అన్న మాట అప్పుడు వస్తుంది. ఇది లేకుండా వదిలేస్తే గిరి చేతిలో ఉన్న వివరణ లాక్కున్నట్టే, బదులేమీ ఇవ్వనట్టు. అలాంటప్పుడు వారం తిరక్కుండా పాత ఊహే వెనక్కి వస్తుంది.

రెండోది. అవే రెండు బల్బులు సమాంతరంగా. ఇప్పుడు గిరి తెలివిగా పొరపడతాడు, ముందు ఎపిసోడ్‌లో నేర్చుకున్నదాన్ని పట్టుకునే. కరెంటు ఖర్చవదు, బ్యాటరీ 1 ఆంపియర్ ఇస్తుంది, అది రెండు దారుల్లో చెరి సగం అవుతుంది, కాబట్టి రెండు బల్బులూ మసగ్గా ఉండాలంటాడు. నిజానికి ఒక్కో బల్బుకి 1 ఆంపియర్ అందుతుంది, బ్యాటరీ 2 ఇస్తుంది, వెలుగు తగ్గదు. బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందన్న ఊహ ఇక్కడ బయటపడుతుంది. మీరు అడిగిన "గిరి నేర్చుకున్నాడు కదా" అన్న ప్రశ్నకి ఇదే జవాబు. వాడు నేర్చుకున్నది వాడి కొత్త తప్పులోనే కనిపించాలి.

ఓమ్ నియమం లెక్కలు ఈ రెండింటిలో పెట్టొద్దు. V = IR తెర మీద ఒక్కసారి కనిపిస్తే చాలు.

మెకానిక్ సుభాన్

నేను ఎలక్ట్రికల్ పనివాణ్ని, మా అమ్మాయి ప్రాజెక్టు కోసం ఈ చర్చ చదివాను. ఒక మాట. ఇది నిజం బల్బులతో తీస్తే మీరు చెప్పిన అంకెలు రావు సార్. ఫిలమెంట్ చల్లగా ఉంటే నిరోధం తక్కువ. శ్రేణిలో మసగ్గా వెలిగేటప్పుడు తీగ అంత వేడెక్కదు కాబట్టి 0.5 కంటే ఎక్కువే చూపిస్తుంది. ఇంకోటి, ఒకే పెట్టెలోంచి తీసిన రెండు బల్బులు కూడా అచ్చం ఒకేలా వెలగవు. ఒకటి కాస్త ఎక్కువ వెలిగిందంటే మీ గిరి మాటే నిజమైపోతుంది.

అనంత్ (స్క్రిప్టు పని)

సుభాన్ గారూ, ఈ మాట స్క్రిప్టులోకే వెళ్లాలి. యానిమేషన్‌లో అంకెలు శుభ్రంగా ఉంటాయి, ఇంటి దగ్గర చేసి చూసిన పిల్లవాడికి వేరుగా వస్తాయి. అప్పుడు వాడు వీడియోనే నమ్మడు. రెండో బల్బు కాస్త తక్కువ వెలిగిందనుకోండి, గిరి "చూశారా!" అంటాడు. పావని రెండు బల్బుల్నీ తారుమారు చేస్తుంది. మసక బల్బు ఇప్పుడు ముందుకొచ్చింది, అయినా అదే మసక. అంటే తేడా బల్బుది, చోటుది కాదు. ఇది మూడు మీటర్లకంటే మంచి సీను. అంకెలు చూపించేటప్పుడు మాత్రం బల్బుల బదులు నిరోధాలు పెట్టండి.

సుభాన్ అమ్మాయి (పదో క్లాసు)

నాన్న ఫోన్ నుంచి రాస్తున్నా. కథ బాగుంటుంది కానీ పరీక్ష ముందు రోజు కథ చూడము. లెక్క ఎలా చేయాలో, బొమ్మ ఎలా గీయాలో చూసుకుని మూసేస్తాం. కథ మధ్యలో లెక్క ఉంటే ఎక్కడుందో వెతుక్కోవడం విసుగు. ఇంకోటి, "పోయిన చాప్టర్‌లో చూశాం కదా" అని అంటూ ఉంటారు, మేము చూసి ఉండము.

శారద టీచర్

అమ్మా, నువ్వు రాసినది మాకు చాలా పనికొస్తుంది. లెక్కలు వేరే వీడియోలుగా పెడితే చూస్తావా? అందులో గిరి, పావని ఉండాలా, అక్కర్లేదా?

సుభాన్ అమ్మాయి (పదో క్లాసు)

చూస్తాను. పావని చేస్తే బాగుంటుంది, కానీ మాటలు తక్కువ ఉండాలి.

అనంత్ (స్క్రిప్టు పని)

"పోయిన చాప్టర్" అన్న మాట పాత్రల నోట అసలు రానివ్వకండి. కొన్ని పుస్తకాల్లో కాంతి ముందు, కొన్నిట్లో విద్యుత్తు ముందు. పుస్తకం మారినప్పుడు చాప్టర్ నంబర్లూ మారతాయి. నంబరు మాటల్లోకి, బొమ్మల్లోకి ఎక్కితే మళ్లీ రికార్డింగ్, మళ్లీ రెండరింగ్. అది వీడియో శీర్షికలోనూ ప్లేలిస్టులోనూ మాత్రమే ఉంటే రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు. గిరికి పాత విషయం గుర్తు రావాలంటే, "ఆ రోజు మీటర్ మూడు చోట్లా ఒకే అంకె చూపించింది కదా" అనిపించి, ఆ మీటర్ల బొమ్మ మూడు సెకన్లు చూపించండి. చూడనివాడికి కూడా సరిపోతుంది.

ప్రొజెక్టర్ కథని కూడా ఈ కొలతతోనే చూడండి. ఏ ఎపిసోడ్‌లోనైనా ప్రొజెక్టర్ ఎక్కడిదాకా వచ్చిందో తెలియకపోతే పాఠం అర్థం కాని పరిస్థితి ఉందా? ఉంటే ఆ ముడి తీసేయండి. షెడ్డులో బల్ల మీద ప్రొజెక్టర్ రోజురోజుకీ కాస్త బాగుపడుతూ కనిపిస్తే చాలు. వరసగా చూసేవాడికి ఆ ఆనందం దక్కుతుంది, మధ్యలో వచ్చినవాడు ఏమీ పోగొట్టుకోడు.

లత (డబ్బింగ్)

గొంతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను పనిచేసిన ఒక చరిత్ర సిరీస్‌లో పదమూడేళ్ల అబ్బాయి చేత డబ్బింగ్ చెప్పించారు. సగం చాప్టర్లు అయ్యేసరికి గొంతు మారింది. పాత్రకి మాత్రం వయసు పెరగలేదు. చివరికి నేనే అబ్బాయి గొంతుతో మిగిలినవి చెప్పాను, పాతవాటికీ కొత్తవాటికీ తేడా తెలిసిపోతూనే ఉంది. గిరికి మొదట్నుంచీ పెద్దవాళ్ల చేత, వీలైతే ఆడగొంతుతో చెప్పించండి. పిల్లల చేతే కావాలంటే అన్ని చాప్టర్ల స్క్రిప్టులూ పూర్తి చేసుకుని కొద్ది వారాల్లో రికార్డు చేసేయండి. మొదటి రోజు గిరి మాట్లాడిన ఒక నిమిషం ఫైలు పక్కన పెట్టుకుని ప్రతి రికార్డింగ్ ముందూ వినిపించండి. వేగం, స్థాయి జారిపోకుండా ఉంటాయి.

శారద గారి తమ్ముడు

అక్క లాగిన్ నుంచే. బొమ్మల వైపు నుంచి ఒక ప్రశ్న. గిరికి ఎర్ర చొక్కా, పావనికి నీలం గౌను వేశాను. కాంతి చాప్టర్‌లో ఇబ్బంది రాలేదు. మరి విద్యుత్తులో ప్లస్ తీగ ఎరుపు గీయాలి, అయస్కాంతంలో ధ్రువాలు ఎరుపు, నీలం. పాత్ర పక్కన నిలబడితే బొమ్మ కలిసిపోతోంది.

అనంత్ (స్క్రిప్టు పని)

ఇప్పుడే మార్చేయండి, ఒక్క చాప్టరే అయింది కాబట్టి. పుస్తకం మొత్తంలో బొమ్మలకి కావలసిన రంగులు ముందు రాసుకుని, అవి పాత్రలకి నిషేధం అనుకోండి. ఎరుపు, నీలం తప్పకుండా అందులో ఉంటాయి, కిరణాలకి వాడే పసుపు కూడా. పాత్రలకి ఊదా, గోధుమ, బూడిద లాంటివి మిగులుతాయి. ధ్రువాల మీద అక్షరాలు, తీగల మీద ప్లస్, మైనస్ గుర్తులు తప్పనిసరి. రంగులు సరిగా గుర్తుపట్టలేని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉండొచ్చు.

రవికిరణ్

ఒక సందేహం అలాగే ఉంది. అపోహ ఉన్న చాప్టర్లకి ఈ పద్ధతి కుదురుతుంది. కెమిస్ట్రీ కూడా చేయాలనుకుంటే? కార్బన్ సమ్మేళనాలకి పేర్లు పెట్టడంలో గిరి ఏం ఊహిస్తాడు? అది ఊహించేది కాదు, నియమం నేర్చుకునేది.

అనంత్ (స్క్రిప్టు పని)

అక్కడ నా దగ్గర మంచి జవాబు లేదండీ. బలవంతంగా ఊహలు పుట్టిస్తే కృతకంగా ఉంటుంది. అలాంటి భాగాల్లో పావని లెక్కల వీడియోల పద్ధతే మేలని నా అభిప్రాయం: పాత్ర గొంతు ఉంటుంది, కథ ఉండదు.

లత (డబ్బింగ్)

నేను ఒప్పుకోను. మేం చేసిన దాంట్లో పాత్రలు లేని భాగాలు వేరే ఛానెల్‌వేమో అనిపించేవి. పేర్లు తప్పుగా పెట్టుకుని ఇద్దరూ రెండు వేర్వేరు సీసాలు తెచ్చారన్న చిన్న ఘట్టమైనా ఉండాలి. ఒక పదార్థానికి ఒకే పేరు ఎందుకు ఉండాలో అందులోనే వస్తుంది.

శారద టీచర్

రెండు రకాలుగానూ రాసి చూస్తాం. ఈలోగా ఒకటి నిర్ణయించుకున్నాం: కాంతి వీడియో ఇప్పుడే విడుదల చేయం. ముందు శ్రేణి బల్బుల ఎపిసోడ్‌ని కదలని బొమ్మలతో, మా గొంతులతోనే చేసి పిల్లలకి చూపిస్తాం. ఏం అడిగితే పని చేసిందో లేదో తెలుస్తుంది?

అనంత్ (స్క్రిప్టు పని)

స్విచ్ వేయకముందు వీడియో ఆపి, వాళ్ల ఊహ కాగితం మీద రాయించండి. ఎవరూ గిరిలా రాయలేదంటే ఆ ఊహ మీరు కల్పించింది, సీను మార్చాలి. వారం తరవాత వీడియోలో లేని ప్రశ్న ఇవ్వండి: మూడు బల్బులు శ్రేణిలో ఉన్నాయి, మధ్యదానికి ముందు, తరవాత కరెంటు ఎంతెంత? "కథ చెప్పు" అని కూడా అడగండి. గిరి చేసిన అల్లరి చెప్పి, మీటర్లు ఏం చూపించాయో చెప్పలేకపోతే ఆ అల్లరిని తగ్గించండి.

మెకానిక్ సుభాన్

మేడం, చూపించే రోజు చెప్పండి, నిజం బల్బులు, మీటర్లు నేను తెస్తాను. తారుమారు చేసే సీను పిల్లల చేతే చేయిద్దాం.